ఫ్రీజర్ నుంచి పొయ్యి దాకా: మాంసం, చేప కరిగించే పద్ధతి

మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర మాంసంలో గానీ చేపలో గానీ బ్యాక్టీరియా పెరగదు. అలాగని చావదు కూడా. గడ్డకట్టేటప్పుడు కొంత నశించినా మిగిలింది కదలకుండా ఉండిపోతుంది. మంచు కరగ్గానే, ఆగిన చోటి నుంచే మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. కాబట్టి ఫ్రీజర్‌లో మూడు నెలలు ఉన్న కోడిమాంసం తినడానికి పనికొస్తుందా లేదా అన్నది ఆ మూడు నెలల మీద ఆధారపడదు. లోపలికి వెళ్ళకముందు అది ఎంతసేపు వెచ్చగా ఉంది, బయటికి వచ్చాక ఎంతసేపు వెచ్చగా ఉంది అన్నవే అసలు లెక్కలు. ఫ్రీజర్ ఈ లెక్కను ఆపి ఉంచుతుందే తప్ప తుడిచిపెట్టదు. కరిగించే పద్ధతుల్లో ఏది మంచిది, కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించవచ్చా అనే ప్రశ్నలు రెండూ చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తాయి.

ఆహార భద్రత నిపుణులు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిని ప్రమాదకరమైన మండలంగా చెబుతారు. ఈ మధ్యలో బ్యాక్టీరియా చురుగ్గా ఉంటుంది. 35 డిగ్రీల చుట్టుపక్కల అనుకూలమైన పరిస్థితి దొరికితే కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మూడు గంటల్లో తొమ్మిది రెట్టింపులు అంటే వెయ్యి ఉన్నవి ఐదు లక్షలు దాటుతాయి. అందుకే పచ్చి మాంసం, చేప గది వేడిలో మొత్తం రెండు గంటలకు మించి ఉండకూడదని, గది 32 డిగ్రీలు దాటితే గంటకు మించకూడదని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. రాజమండ్రిలోనో రామగుండంలోనో మే నెల వంటింటికి వర్తించేది ఆ రెండో లెక్కే.

గడ్డకట్టిన దిమ్మ కరగడానికి ఎందుకంత సమయం పడుతుందో తెలిస్తే పద్ధతుల మధ్య తేడా సులువుగా అర్థమవుతుంది. మాంసంలో దాదాపు ముప్పావు వంతు నీరే. మంచు వేడిని నీటికంటే సుమారు నాలుగు రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. గడ్డకట్టేటప్పుడు పైన ఏర్పడే మంచుపొర లోపలి వేడిని త్వరగా బయటికి పంపుతుంది. కరిగేటప్పుడు జరిగేది దీనికి తలకిందులు. పైన ముందుగా కరిగిన మెత్తటి పొర లోపలి మంచుకు దుప్పటిలా అడ్డుపడుతుంది, వేడి దాన్ని దాటుకుని లోపలికి చేరాలి. అందువల్ల ఒకే దిమ్మ గడ్డకట్టడానికి పట్టే కాలం కంటే, అంతే ఉష్ణోగ్రత తేడాలో, కరగడానికి పట్టే కాలం ఎక్కువ. దానికి తోడు మందం ప్రభావం చాలా పెద్దది. మందం రెట్టింపైతే సమయం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్ల వైపు వెళుతుంది.

ఆదివారం ఉదయం చాలా ఇళ్ళలో జరిగేదే తీసుకోవచ్చు. కిలో చికెన్ దుకాణంలో ఇచ్చిన కవరుతో సహా ఫ్రీజర్‌లో పడేశారు. ముక్కలన్నీ కలిసి నాలుగు వేళ్ళ మందాన ఇటుకలా బిగుసుకుపోయాయి. ఉదయం ఏడింటికి తీసి వంటగట్టు మీద పళ్ళెంలో పెట్టారు. వంటింట్లో 36 డిగ్రీలు. దిమ్మ నడుమ మంచు పూర్తిగా పోవడానికి ఐదారు గంటలు పట్టవచ్చు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. లోపల మంచు ఉన్నంతసేపు అది పైపొరను కొంత చల్లగానే ఉంచుతుంది, గట్టు మీద పెట్టిన మాంసం మొత్తం వెంటనే గది వేడికి చేరిపోదు. ఇబ్బంది ఇటుక నడుమ భాగంతో కాదు, అంచులతో. దిమ్మ నుంచి విడివడిన రెక్క ముక్క, పలుచటి చర్మం, పళ్ళెంలోకి కారిన ఎర్రటి నీరు గంటన్నర రెండు గంటల్లోనే వెచ్చబడతాయి. ఆ నీరు బ్యాక్టీరియాకు మంచి మేత. లోపలి మంచు చివరి ముక్క కూడా కరిగాక ఆ చల్లటి రక్షణ పోయి మాంసమంతా వేగంగా వేడెక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి ఇంట్లో అందరూ టిఫిన్లు ముగించి వేరే పనుల్లో ఉంటారు. దిమ్మ వేలితో నొక్కితే ఇంకా గట్టిగానే ఉంది కదా అని ఇంకో గంట వదిలేయడం దీనికి తోడవుతుంది.

దీనికి మన వంటిళ్ళలో వినిపించే జవాబు ఒకటుంది: ఎలాగూ గంటసేపు ఉడికిస్తాం కదా, ఏ క్రిమి బతుకుతుంది? సగం వరకు ఇది సరైన మాటే. పాశ్చాత్య వంటల్లో లోపల ఎర్రగా వదిలేసే మాంసంతో పోలిస్తే కోడికూర, మటన్ పులుసు, బిర్యానీ వంటివి చాలా సురక్షితమైన వంటకాలు. కోడిమాంసం లోపల 74 డిగ్రీలు చేరితే సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ వంటివి చనిపోతాయి, కుతకుత ఉడికే కూర ఆ అంకెను సునాయాసంగా దాటుతుంది. కానీ ఈ జవాబు చేరలేని చోట్లు రెండున్నాయి.

మొదటిది, కూరగిన్నెలోకి వెళ్ళని భాగం. మాంసం కరిగిన నీరు గట్టు మీద, సింకులో, కత్తిపీట మీద, చేతుల మీద ఉంటుంది. అదే గట్టు మీద ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్కలు, కొత్తిమీర తరుగుతారు. అవి ఉడకవు. కోడిమాంసం వల్ల వచ్చే వాంతులు, విరేచనాలలో కొంత భాగం కూర వల్ల కాక పక్కన వడ్డించిన పచ్చి ఉల్లిపాయ వల్ల వచ్చి ఉండవచ్చని ఎవరికీ తోచదు. కరిగిన మాంసాన్ని కొళాయి కింద ధారగా కడగడం కూడా ఇలాంటిదే. చిందిన తుంపర్లు చుట్టూ ఉన్న గిన్నెల మీద పడతాయి. పచ్చి కోడిమాంసాన్ని అసలు కడగవద్దని బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ 2014లో ప్రత్యేకంగా ప్రచారం చేసింది. మన అలవాటులో కడగకుండా వండడం ఎవరికీ మనసొప్పదు కాబట్టి, కనీసం గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా కలియదిప్పి ఒంపేసి, ఆ వెంటనే సింకును సబ్బుతో కడిగితే చిందడం చాలావరకు తగ్గుతుంది.

రెండోది చేపకు సంబంధించింది, ఇదే ఎక్కువ మందికి తెలియనిది. కనగర్తలు, సూర, వంజరం, కవళ్ళు వంటి సముద్రపు చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప వెచ్చబడితే కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి హిస్టమిన్ తయారయ్యాక ఎంత ఉడికించినా, ఎంత వేయించినా, మళ్ళీ గడ్డకట్టించినా అది పోదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లోపు మొహం ఎర్రబడడం, తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు, నోట్లో మంట కనిపిస్తాయి. చాలామంది దీన్ని చేప పడకపోవడం అనుకుంటారు, కానీ అది అలర్జీ కాదు, చేప వెచ్చగా గడిపిన గంటల ఫలితం. హిస్టమిన్ ఉన్న చేప చూపుకూ వాసనకూ బాగానే ఉండవచ్చు. కొందరికి నాలుక మీద మిరియపు ఘాటులాంటి చురుకు తగులుతుంది, అందరికీ తగలదు. వాసన చూసి తేల్చుకునే పద్ధతి ఇక్కడ పనిచేయదు, అందుకే ఈ చేపలను గట్టు మీద కరిగించడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. బొచ్చె, శీలావతి వంటి చెరువు చేపల్లో ఈ బెడద చాలా తక్కువ.

సురక్షితంగా కరిగించే మార్గాల్లో మొదటిది ఫ్రిజ్ కింది అర. అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపు ఉంటే మాంసం మొదటి నుంచి చివరి దాకా ప్రమాద మండలంలోకి అడుగుపెట్టదు. ఓపిక కావాలి, అంతే. అరకిలో పొట్లానికైనా రాత్రంతా, తరచుగా రోజంతా పడుతుంది. రెండు రెండున్నర కిలోల పూర్తి కోడికి 24 గంటలు లెక్క వేసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం వంటకు శనివారం మధ్యాహ్నమే ఫ్రీజర్ నుంచి కిందికి దించితే నిశ్చింత. పొట్లం కింద అంచు ఉన్న గిన్నె తప్పనిసరి, లేకపోతే కారిన నీరు కింద ఉన్న కూరగాయల మీదికి పోతుంది. పాలు, పెరుగు, వండిన పదార్థాలు పై అరల్లో ఉండాలి. ఇలా కరిగిన చేప, రొయ్యలు, కోడిమాంసం, కైమా మరో ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లోనే ఉండవచ్చు. మటన్ ముక్కలకు మూడు నుంచి ఐదు రోజుల గడువు ఉంటుంది. వంట వాయిదా పడినా నష్టం లేకపోవడం ఈ పద్ధతికి ఉన్న పెద్ద సౌకర్యం.

రెండో మార్గం చల్లటి నీళ్ళు. గాలికంటే నీరు వేడిని ఎంతో వేగంగా అందిస్తుంది. అందుకే నీళ్ళలో ముంచిన అరకిలో పొట్లం గంటలోపు, కిలోన్నర దాకా ఉన్నది రెండు మూడు గంటల్లో విడిపోతుంది. కవరు చిల్లు లేకుండా గట్టిగా మూసి ఉండాలి. లేకపోతే మాంసం నీరు పీల్చుకుని చప్పబడుతుంది, బయటి సూక్ష్మజీవులూ లోపలికి చేరతాయి. నీళ్ళను అరగంటకోసారి మార్చాలి. కరగ్గానే వండాలి.

ఈ సలహా చల్లటి దేశాల్లో పుట్టిందన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు. అక్కడ కొళాయి తిప్పితే వచ్చేదే చల్లటి నీరు. వేసవిలో మన మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీరు 35 డిగ్రీలు ఉండడం మామూలే, ఒక్కోసారి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. అందులో ముంచడమంటే గట్టు మీద పెట్టడం కంటే అధ్వాన్నం. హోటళ్ళలో రొయ్యలు, నత్తల వంటివాటిని పారే నీటిలో కరిగించేటప్పుడు ఆ నీరు 15 డిగ్రీలకు మించకూడదని, పని 90 నిమిషాల్లో ముగియాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఇంట్లో ఆ 15 డిగ్రీలు తెచ్చుకోవడానికి థర్మామీటరు అక్కర్లేదు. ఫ్రిజ్‌లో ఉంచిన నీళ్ళు రెండు సీసాలకు ట్యాంకు నీళ్ళు ఒక సీసా కలిపితే సరిపోతుంది. 5 డిగ్రీల నీరు రెండు పాళ్ళు, 35 డిగ్రీల నీరు ఒక పాలు కలిస్తే వచ్చేది 15 డిగ్రీలే. ఆపైన గడ్డకట్టిన మాంసం తానే ఆ నీటిని ఇంకా చల్లబరుస్తుంది. అందుకే మొదటి అరగంట గడిచాక నీరు మంచులా చల్లగా తగులుతుంది, కరగడం నెమ్మదిస్తుంది. నీరు మార్చమనడానికి కారణాల్లో అదొకటి.

వేడినీళ్ళలో వేయడం గురించి ఒక్క మాట చాలు. పైపొర సగం ఉడికి తెల్లబడుతుంది, నడుమ మంచు అలాగే ఉంటుంది.

మైక్రోవేవ్ మూడో మార్గం. మంచు మైక్రోవేవ్ తరంగాలను చాలా తక్కువగా గ్రహిస్తుంది, నీరు బాగా గ్రహిస్తుంది. మొదట ఎక్కడ చిన్న తడిమరక ఏర్పడితే అక్కడే వేడి పోగుపడి, ఆ భాగం ఉడికిపోతుంటే పక్కనే మంచు మిగిలి ఉంటుంది. డీఫ్రాస్ట్ మీట నొక్కినప్పుడు యంత్రం ఆగి ఆగి పనిచేయడానికి కారణం ఇదే, ఆ విరామంలో వేడి పక్కలకు పాకుతుంది. రెండు నిమిషాలకోసారి తీసి ముక్కలు విడదీసి తిప్పడం, విడిపోయిన ముక్కలను బయటికి తీసేయడం చేస్తే ఫలితం బాగుంటుంది. ఇలా కరిగించినదాంట్లో కొన్ని భాగాలు అప్పటికే వెచ్చబడి ఉంటాయి కాబట్టి వెంటనే పొయ్యి ఎక్కించాలి. కైమాకు, కోడి ముక్కలకు ఈ పద్ధతి ఫరవాలేదు. చేపకు ఇది సరిపడదు, తోక వైపు పలుచటి భాగం పొడిపొడి అయిపోతుంది.

నాలుగోది, అసలు కరిగించకుండానే వండడం. పులుసు మరుగుతుండగా గడ్డకట్టిన చేపముక్కలను విడివిడిగా జారవిడిస్తే చక్కగా ఉడుకుతాయి. వాటి మందం తక్కువ కాబట్టి వేడి త్వరగా లోపలికి చేరుతుంది. విడివిడిగా గడ్డకట్టించి అమ్మే రొయ్యలకూ ఇదే వర్తిస్తుంది. వాటి మీద ఉండే పలుచటి మంచు తొడుగు మాత్రం ముందు చల్లటి నీళ్ళతో కడిగేస్తే కూర పలచబడదు. మాంసానికి మామూలుగా పట్టే సమయం కంటే సుమారు సగం ఎక్కువ పడుతుంది: నలభై నిమిషాల కూరకు గంట. ఇందుకు లొంగనిది వేపుడు. మంచు అంటిన ముక్కను కాగిన నూనెలో వేస్తే నూనె ఎగిరి మొహం మీద పడుతుంది, పైగా పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది.

గాలి తీసేసి ప్లాస్టిక్ పొరలో బిగించి అమ్మే చేపముక్కలకు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది. ఆక్సిజన్ లేని చోట పెరిగే క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియాలో ఒక రకం నీటి ప్రాణులకు సంబంధించింది. అది సుమారు 3 డిగ్రీల చలిలో కూడా పెరగగలదు, అంటే మామూలు ఫ్రిజ్ దాన్ని పూర్తిగా ఆపలేదు. అది తయారుచేసే విషం నరాలను స్తంభింపజేస్తుంది. ఇలాంటి కేసులు అరుదే, అయినా నివారణ మరీ తేలిక. ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పొర చింపి, ముక్కలను మామూలు గిన్నెలోకి మార్చి మూతపెట్టి, ఆ తర్వాతే ఫ్రిజ్‌లో కరగనివ్వాలి. గాలి తగిలితే ఆ బ్యాక్టీరియా ఆట కట్టు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే చేపల పొట్లాలు ఇప్పుడు చాలావరకు ఇలాగే వస్తున్నాయి కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం.

మటన్ విషయంలో మరో చిక్కు ఉంది, ఇది ప్రమాదం కాదు, మెత్తదనానికి సంబంధించింది. తెలుగు ఊళ్ళలో ఆదివారం వేటమాంసం కోసిన గంటా రెండు గంటల్లోనే ఇంటికి చేరుతుంది. అప్పటికి కండరం ఇంకా బిగుసుకుని సడలే దశ దాటలేదు, దానిలో సంకోచించే శక్తి మిగిలే ఉంటుంది. ఆ స్థితిలో నేరుగా ఫ్రీజర్‌లో పెడితే ఆ శక్తి కూడా అలాగే నిలిచిపోయి, తర్వాత వేగంగా కరిగించినప్పుడు కండరం ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. బోలెడు నీరు కారిపోయి ముక్క రబ్బరులా తయారవుతుంది. కోసిన వెంటనే చల్లబరిస్తే గొర్రె మాంసం ఎందుకు గట్టిపడుతుందో న్యూజిలాండ్ పరిశోధకులు 1960ల్లో ఎగుమతి వ్యాపారం కోసమే పరిశీలించారు. ఇంట్లో చేయగలిగింది సులువు: తాజా మటన్‌ను ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత ఫ్రీజర్‌లోకి మార్చాలి. కరిగించేటప్పుడు ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరగనివ్వాలి. మటన్ ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకలేదని ముదురు మేకను తిట్టుకునే ఇళ్ళలో కొన్నిచోట్ల తప్పు మేకది కాదు.

ఇక మళ్ళీ గడ్డకట్టించడం. కరిగినదాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెడితే విషమవుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. రెండోసారి గడ్డకట్టడంలో విషం పుట్టించేదేమీ లేదు. ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: మధ్యలో అది ఎంత వెచ్చబడింది? ఫ్రిజ్‌లోనే, 5 డిగ్రీల లోపు కరిగిన మాంసమో చేపో ఒకటి రెండు రోజుల్లోపు వండకుండానే తిరిగి ఫ్రీజర్‌లో పెట్టవచ్చని అమెరికా వ్యవసాయ శాఖ స్పష్టంగా చెబుతుంది. నీళ్ళలో గానీ మైక్రోవేవ్‌లో గానీ కరిగించినదైతే ముందు వండి, ఆ తర్వాతే గడ్డకట్టించాలి. గది వేడిలో రెండు గంటలు, ఎండాకాలంలో గంట దాటి ఉన్నదాన్ని ఫ్రీజర్‌లోకి పంపడం అర్థం లేని పని. దాంట్లో పెరిగినదంతా అక్కడ భద్రంగా నిలిచి ఉంటుంది.

బ్రిటన్ సంస్థ ఇంకా కఠినంగా ఉంటుంది. కరిగిన పచ్చి మాంసాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దని, వండాకే పెట్టమని చెబుతుంది. రెండు సలహాలూ ఒకే శాస్త్రం మీద నిలబడినవే. అమెరికా సలహా, ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తుందని, మాంసం ఎంతసేపు ఎక్కడ ఉందో ఇంటివాళ్ళకు కచ్చితంగా తెలుసని నమ్ముతుంది. బ్రిటన్ సలహా ఆ నమ్మకం పెట్టుకోదు. కరెంటు పోయి వచ్చే ఇళ్ళలో, పిల్లలు గంటకు పదిసార్లు తలుపు తీసే ఒంటి తలుపు ఫ్రిజ్ ఉన్నచోట, బ్రిటన్ మాటే మేలు. ఇన్వర్టరు ఉండి, ఫ్రిజ్ లోపల చిన్న థర్మామీటరు పెట్టుకున్నవాళ్ళు అమెరికా మాట వినవచ్చు.

ప్రమాదం లేకపోయినా నష్టం ఉంటుంది. ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది కాబట్టి మంచు స్ఫటికాలు పెద్దవిగా ఏర్పడి కండ పోగులను చీలుస్తాయి. కరిగినప్పుడు కారే ఎర్రటి నీరు ఆ చీలికల నుంచి వచ్చిందే, అది రక్తం కాదు. రెండోసారి గడ్డకడితే మిగిలిన పోగులూ దెబ్బతిని, నీరు మరింత పోతుంది. మటన్, కోడిమాంసం దీన్ని కొంత తట్టుకుంటాయి, పులుసులో తేడా పెద్దగా తెలియదు. చందువా వంటి సున్నితమైన చేపలు స్పాంజిలా అవుతాయి, రొయ్యలు మెత్తబడి పస పోతుంది. కవళ్ళు, కనగర్తల వంటి నూనె చేపల్లో కొవ్వు పాడై ముక్క వాసన వస్తుంది. చేపను రెండోసారి గడ్డకట్టించడం కుదురుతుంది గానీ చేయదగ్గ పని కాదు. కరిగిన చేపముక్కలు మిగిలిపోతే ఉప్పు, కారం పట్టించి వేయించి ఉంచుకోవడమే లాభం.

వండి గడ్డకట్టించడం అందరూ ఒప్పుకునే మార్గం. ఉడకడంతో పాత లెక్క చాలావరకు మూసుకుపోయి కొత్త లెక్క మొదలవుతుంది. హిస్టమిన్ వంటి తయారైన విషాలకు మాత్రం ఈ మినహాయింపు లేదు. కూర వండాక జరిగే పొరపాటు వేరు. పెద్ద గిన్నెడు మటన్ కూరను చల్లారనీ అని రాత్రంతా పొయ్యి మీదే వదిలేస్తారు. ఉడికినా చావని బీజాల రూపంలో క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా మాంసంలో ఉంటుంది. గోరువెచ్చని కూర దానికి ఎంతో ఇష్టమైన చోటు, 45 డిగ్రీల దగ్గర అది పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. ఫ్రీజర్‌కు వెళ్ళే కూరను వెడల్పాటి పళ్ళేల్లో రెండంగుళాల లోతుకు మించకుండా పోసి, కింద చల్లటి నీళ్ళు పెట్టి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌కు చేర్చాలి. మళ్ళీ తినేటప్పుడు పొగలు కక్కేదాకా మరిగించి, ఆ పూటకు తీసినంతా ఆ పూటే ముగించాలి.

అమెరికాలో తెలుగువాళ్ళు భారతీయ దుకాణాల్లో కొనే మేకమాంసం తరచూ గడ్డకట్టినదే, యంత్రపు రంపంతో కోసి ఇస్తారు. వంజరం ముక్కలూ గడ్డకట్టినవే వస్తాయి. ఇల్లు చేరేసరికి అంచులు కాస్త మెత్తబడతాయి. నడుమ మంచు పలుకులు ఇంకా కనిపిస్తూ, చేతికి ఫ్రిజ్‌లోని వస్తువంత చల్లగా తగిలితే దాన్ని వెంటనే ఫ్రీజర్‌లో పెట్టడానికి అభ్యంతరం లేదు. మన బజారులో చేపల దుకాణం సంగతి వేరు. ఐసు మీద పరిచిన చేప తాజాగా వచ్చిందా, ఎక్కడో గడ్డకట్టించి తెచ్చి కరిగించిందా అన్నది కొనేవాళ్ళకు తెలియదు. కళ్ళు గుంటపడి మసకబారి, కండ నొక్కితే గుంట అలాగే ఉండి, నీరు ఊరుతూ ఉంటే రెండోదని అనుమానించవచ్చు. దాని గత చరిత్ర తెలియదు కాబట్టి ఆ పూటకు సరిపడా కొని వండుకోవాలే తప్ప ఫ్రీజర్‌కు కాదు.

కరెంటు పోయినప్పుడు ఇదే లెక్క తెలియకుండా నడుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. నిండా సామాను ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంచితే సుమారు 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు చలి నిలుపుతుందని సాధారణ అంచనా. ఇది విడి ఫ్రీజర్ల లెక్క, ఫ్రిజ్ పైభాగంలో ఉండే చిన్న అర అంతసేపు ఆగదు. కింది ఫ్రిజ్ భాగానికి నాలుగు గంటలే. కరెంటు వచ్చాక తలుపు తీసి చూస్తే, మంచు పలుకులు ఉన్న పొట్లాలను తిరిగి గడ్డకట్టనివ్వవచ్చు. పూర్తిగా కరిగినా 5 డిగ్రీల లోపే ఉన్నవాటిని ఆ రోజే వండుకోవచ్చు. వెచ్చబడి ఎంతసేపైందో తెలియనివాటిని పారేయడం తప్ప దారి లేదు. రుచి చూసి పరీక్షించడం అసలు పనికిరాదు.

సంక్రాంతికి ఊరెళ్ళి వారం తర్వాత వచ్చేవాళ్ళకు ఇంకో చిక్కు. మధ్యలో కరెంటు ఒక రోజు పోయి వచ్చినా, తిరిగొచ్చేసరికి అంతా గట్టిగానే కనిపిస్తుంది. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, మంచు మీద రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో వదిలి వెళ్ళాలి. వచ్చేసరికి బిళ్ళ పైనే ఉంటే మాంసం కరగలేదు. బిళ్ళ అడుగున మంచులో కూరుకుపోయి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, అందులోని పచ్చి మాంసం, చేప వాడకూడదు. పొట్లాలు ఆకారం మారి అడుగున ఎర్రటి మంచు పేరుకోవడం, విడివిడిగా ఉండాల్సిన రొయ్యలు ఒకే ముద్దగా అంటుకుపోవడం కూడా ఇదే చెబుతాయి. దుకాణంలో పొట్లం కొనేటప్పుడూ ఈ గుర్తులే చూడాలి.

మళ్ళీ గడ్డకట్టించాల్సిన అవసరం చాలావరకు మొదటిసారి పెట్టే తీరు వల్లే వస్తుంది. కిలో దిమ్మలో కావలసింది పావుకిలో అయినా మొత్తం కరిగించక తప్పదు. కొన్న రోజే పూటకు సరిపడే పొట్లాలుగా విడదీసి, గాలి పోయేలా నొక్కి, అంగుళం మందం మించకుండా పళ్ళెం మీద చదునుగా పరిచి గడ్డకట్టిస్తే పని తేలికవుతుంది. మందం నాలుగో వంతుకు దగ్గరపడితే కరిగే సమయం అంతకంటే ఎంతో ఎక్కువగా తగ్గుతుంది. కిలో ఇటుకకు ఫ్రిజ్‌లో రోజంతా పడితే, ఇలాంటి పలుచటి పావుకిలో పొట్లం రాత్రి దించితే తెల్లారేసరికి సిద్ధం. మరిచిపోయినా పైన చెప్పిన 15 డిగ్రీల నీళ్ళలో అరగంట చాలు. పొట్లం మీద తేదీ రాసిన చిన్న కాగితం అతికిస్తే, ఒకసారి కరిగి వెనక్కి వెళ్ళిన పొట్లాన్ని కూడా వేరుగా గుర్తుపెట్టుకోవచ్చు.